ఆరు పిక్సెళ్ళ గళ్ళు: పగిలిపోయిన ఒక ఫోటో కేసు

కుటుంబం అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. మనుషులను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. కొలతలు మాత్రం నా నోట్సులో ఉన్నవే. బాగా కుదించిన ఫోటోల మీద తేలే గళ్ళు తీసే పని నాకు కొత్త కాదు. అయినా ఈ ఫోటో దగ్గర ఒక రోజంతా తప్పుదారిలో తిరిగాను. ఎందుకు తిరిగానన్నదే ఇక్కడ పనికొచ్చే సంగతి.

నేపథ్యం

ఆ కుటుంబంలో ఒకరు చనిపోయారు. ఆమె నవ్వుతూ ఉన్న ఫోటో ఒక్కటే మిగిలింది. దానితో పాటు పాత ఫోన్‌లో తీసిన 38 సెకన్ల వీడియో ఒకటి ఉంది. ఫోటోను 8×10 అంగుళాల ప్రింటు వేయించాలి, వీడియోను టీవీలో చూడగలిగేలా చేయాలి. ఇదీ పని.

"మొహమంతా గళ్ళు గళ్ళుగా ఉందండీ. పెద్దది చేస్తే పూర్తిగా పగిలిపోతోంది" అన్నారు వాళ్ళబ్బాయి. ఆయన ముందు పంపిన ఫైలు అప్పటికే ఎవరో "క్లియర్" చేసి ఇచ్చినది. షార్పెన్ చేసిన ఫోటోలో గడి అంచు సన్నని తెల్ల గీతగా మారిపోతుంది. ఆ గీతను తర్వాత తీయడం మామూలు గడిని తీయడం కంటే చాలా కష్టం. కాబట్టి ఆ ఫైలు పక్కన పెట్టేసి, ఎవరూ ముట్టని కాపీ వెతకమన్నాను. ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమని కూడా చెప్పాను, లేకపోతే పంపేటప్పుడు ఇంకోసారి కుదించుకుపోతుంది. నాలుగు రోజులకు ఒక బంధువు ఫోన్‌లో 900×1118 పిక్సెళ్ళ కాపీ దొరికింది. కెమెరా నుంచి నేరుగా వచ్చిన ఫైలు మాత్రం దొరకలేదు.

మొదట కనిపించిన సమస్య

ఫోటోను 400 శాతం పెద్దది చేసి చూశాను. వెనక లేత రంగు గోడ మెట్లు మెట్లుగా ఉంది. నుదురు మీద చదరాలు పరిచినట్టుంది. పెదవి ఎరుపు చిన్న గళ్ళను లెక్కచేయకుండా, వాటికి రెట్టింపు వెడల్పున్న మచ్చగా చెంప మీదికి పాకింది.

ఇలా ఎందుకు అవుతుందో తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఫోటోలను కుదించే జేపెగ్ పద్ధతి బొమ్మను 8×8 పిక్సెళ్ళ గళ్ళుగా కోస్తుంది. ఒక్కో గడిని 64 సంఖ్యలుగా మారుస్తుంది. మొదటి సంఖ్య ఆ గడి సగటు వెలుగు, మిగతా 63 అందులోని నెమ్మది, వేగం మార్పులు. ఒక్కో సంఖ్యను, ఫైలులోనే ఉండే ఒక టేబుల్‌లో దానికి కేటాయించిన అడుగుతో భాగించి, దగ్గరి పూర్ణాంకానికి సర్దేస్తుంది. ఫైలు చిన్నది కావాలంటే అడుగు పెద్దది చేయాలి. అడుగు పెద్దదైతే పక్కపక్క గళ్ళ సగటులు వేర్వేరు వైపులకు సర్దుకుంటాయి, అంచు బయటపడుతుంది. రంగును సాధారణంగా సగం రిజల్యూషన్‌లోనే దాచుతారు, అందుకే రంగు గడి 16×16 మేర పరుచుకుంటుంది. పెదవి ఎరుపు అంత దూరం పాకింది అందుకే.

ప్రయత్నించినవి, విఫలమైనవి

నాకు అలవాటైన మొదటి ఆయుధం జేపెగ్ క్వాంట్ స్మూత్. బ్లర్ చేసే ఫిల్టర్ల కంటే దీన్ని ఎక్కువ నమ్ముతాను. కారణం చెప్తాను. సగటుకు అడుగు 32 అనుకుందాం. మొదటి సంఖ్య విలువ గడి సగటుకు 8 రెట్లు ఉంటుంది కాబట్టి, 32 అడుగు అంటే 0 నుంచి 255 దాకా కొలిచే వెలుగులో 4 మెట్లు. ఫైలులో సగటు 168 అని ఉంటే, అసలు విలువ 166కూ 170కీ మధ్య ఎక్కడో ఉండేది. ఈ సాధనం ఆ హద్దు లోపలే కదులుతూ, పక్క గడితో అతుకు కనపడని విలువను వెతుకుతుంది. ఫైలులో మిగిలిన సమాచారానికి విరుద్ధంగా ఏదీ చేయదు. బ్లర్‌కు అలాంటి కట్టుబాటు లేదు, కనురెప్పను కూడా గడి అంచు అనుకుని తుడిచేస్తుంది.

దాన్ని నడిపాను. ఫలితం దాదాపు సున్నా. అత్యధిక స్థాయిలో నడిపినా గళ్ళు అలాగే ఉన్నాయి.

తర్వాత మామూలు డీబ్లాకింగ్ ఫిల్టర్ వేశాను. 8 పిక్సెళ్ళకు ఒకసారి అంచు చూసి, అక్కడ తేడా చిన్నదైతే నునుపు చేసే రకం. కొన్ని గళ్ళు పోయాయి, కొన్ని అలాగే మిగిలాయి, అసలు గళ్ళు లేనిచోట కొత్తగా మసక గీతలు పుట్టాయి. నేను అక్కడే ఆగి ఆలోచించాల్సింది. ఆగకుండా ఫిల్టర్ బలం పెంచాను. గీతలు ఇంకా మసకబారాయి, మొహం మైనపు బొమ్మలా తయారైంది. చివరికి నిరాశతో మొత్తం బ్లర్ చేసి షార్పెన్ కూడా చేసి చూశాను. షార్పెన్ తగలగానే గళ్ళు తిరిగి లేచాయి. ఒక రోజంతా ఇలాగే పోయింది.

దారి మార్చిన ప్రశ్న

మర్నాడు వేసుకున్న ప్రశ్న చిన్నది: ఈ ఫైలు టేబుల్‌లో నిజంగా ఏముంది? నిన్న ఫైలును తెరవగానే వేసుకోవాల్సిన ప్రశ్న ఇది.

```
djpeg -verbose -verbose a.jpg > /dev/null
```

టేబుల్ తెర మీదకు వచ్చింది. వెలుగుకు మొదటి సంఖ్య 5. జేపెగ్ ప్రామాణిక టేబుల్‌లో అది 16, నాణ్యత 85 దగ్గర 5 అవుతుంది. 85 అంటే మర్యాదైన నాణ్యత, కంటికి గళ్ళు కనిపించవు. అడుగు 5 అయితే వెలుగులో అది ఒక మెట్టు కూడా కాదు, 0.6. కానీ నా కళ్ళ ముందు గోడ మీది మెట్లు సుమారు 4 చొప్పున ఉన్నాయి. 0.6 అడుగుతో నడిచే ఫైలు తనంతట తాను 4 మెట్లు దూకలేదు.

అంటే ఈ గళ్ళు ఈ ఫైలువి కావు. అంతకు ముందెప్పుడో బాగా కుదించిన ఫైలు ఒకటి ఉండేది. దాన్ని ఎవరో, లేదా ఏదో యాప్, తెరిచి మళ్ళీ మంచి నాణ్యతతో సేవ్ చేసింది. గళ్ళు బొమ్మలో భాగమైపోయాయి, టేబుల్ మాత్రం కొత్తది. క్వాంట్ స్మూత్ ఆ కొత్త టేబుల్‌ను నమ్మింది, "ఇది మంచి ఫోటోనే, కదలడానికి చోటు లేదు" అని ఊరుకుంది. తప్పు దానిది కాదు.

మరి డీబ్లాకింగ్ ఫిల్టర్ ఎందుకు సగం సగం పనిచేసింది? గడి వెడల్పు 8 కాకపోతే అలాగే జరుగుతుంది. మధ్యలో సైజు మారి ఉండాలి. కంటితో లెక్కపెట్టడం కంటే కొలవడం మేలని ఇది రాశాను:

```python
import numpy as np
from PIL import Image
y = np.asarray(Image.open("a.jpg").convert("L"), float)
d = np.minimum(np.abs(np.diff(y, axis=1)), 12).mean(axis=0)
for T in range(4, 17):
    m = [d[k::T].mean() for k in range(T)]
    print(T, int(np.argmax(m)), round(max(m)/np.median(m), 2))
```

పక్కపక్క నిలువు వరుసల మధ్య తేడా తీసుకుని, ప్రతి T వరుసలకు ఒకసారి ఆ తేడా పెరుగుతోందా అని చూడటమే ఇందులో ఉన్నదంతా. 12 దగ్గర కోత పెట్టడానికి కారణముంది. తలుపు చట్రం, చీర అంచు లాంటి నిజమైన అంచుల్లో తేడా 50, 100 ఉంటుంది. వాటిని కోయకుండా అలాగే ఉంచితే సగటును అవే లాగేస్తాయి. గడి అంచులో తేడా ఎప్పుడూ చిన్నదే.

8 దగ్గర, అత్యధిక తేడాకూ మధ్యస్థ తేడాకూ ఉన్న నిష్పత్తి 1.05, అంటే చెప్పుకోదగ్గదేమీ లేదు. 6 దగ్గర 1.62. 12 దగ్గర కూడా పెరిగింది, అది 6కు రెట్టింపు కాబట్టి పెరగాల్సిందే. 6 అంటే 8లో ముప్పావు వంతు. 1200 పిక్సెళ్ళ వెడల్పున్న బొమ్మను 900కు తగ్గించారన్నమాట.

ఎక్కువగా ఉన్న వరుస సంఖ్య కూడా ముఖ్యమే. అడ్డంగా అది 5 అని వచ్చింది. 5, 6 వరుసల మధ్య గడి మారుతోంది కాబట్టి ఎడమ అంచు చెక్కుచెదరలేదు. ఇదే లెక్క పైనుంచి కిందికి చేస్తే 1 వచ్చింది. మొదటి గడిలో పైన 2 వరుసలే మిగిలాయన్నమాట. ఎవరో పైభాగం కత్తిరించారు.

పనిచేసినది

ఆలోచన ఇది: బొమ్మను దాని పాత గళ్ళ మీదికి తిరిగి చేర్చాలి. అక్కడ దానికి నిజమైన టేబుల్ ఇవ్వాలి. ఆ తర్వాతే సాధనాన్ని నడపాలి.

పైన అరకొరగా మిగిలిన 2 వరుసలు కత్తిరించాను. ఎత్తు 1116 అయింది, సరిగ్గా 186 గళ్ళు. తర్వాత లాంక్‌జోస్ పద్ధతితో సైజును 1200×1488కు పెంచి b.ppmగా సేవ్ చేశాను. ఇప్పుడు ప్రతి గడీ 8×8, మూల నుంచి మొదలవుతోంది.

ఇంకా ముందుకు వెళ్ళే ముందు ఒక సాక్ష్యం కావాలనిపించింది. నేను అనుకున్న చరిత్ర నిజమైతే, గళ్ళ సగటులు ఎక్కడపడితే అక్కడ ఉండకూడదు, సమాన దూరాల్లో గుంపులు కట్టాలి. నుదుటి మీద వరుసగా మూడు గళ్ళ సగటులు తీశాను: 163.8, 168.1, 172.2. గోడ మీద వందల గళ్ళకు హిస్టోగ్రామ్ గీశాను. దువ్వెన పళ్ళలా ప్రతి 4 మెట్లకూ ఒక శిఖరం వచ్చింది. నాలుగు మెట్లంటే అడుగు 32. ప్రామాణిక టేబుల్‌లో 16ను రెట్టింపు చేసేది నాణ్యత 25. గడి సైజు, గడి స్థానం, పాత నాణ్యత మూడూ ఒకే బొమ్మలో రుజువయ్యాయి. గడి స్థానం ఒక్క పిక్సెల్ తప్పినా ఈ పళ్ళు అరిగిపోతాయి. మధ్యలో ఎవరైనా బ్రైట్‌నెస్ పెంచి ఉంటే పళ్ళు పక్కకు జరిగేవి, కాంట్రాస్ట్ మార్చి ఉంటే వాటి మధ్య దూరం 4 కాకుండా పోయేది. రెండూ జరగలేదు.

ఇది రుజువు చేసేది మొదటి సంఖ్యను మాత్రమే. మిగతా 63 కూడా ప్రామాణిక టేబుల్ ప్రకారమే ఉన్నాయన్నది నా ఊహ. పక్కనున్న రెండో సంఖ్యకు కూడా దువ్వెన గీసి చూశాను. నాణ్యత 25లో దాని అడుగు 22 ఉండాలి, శిఖరాలు కాస్త అరిగినా అక్కడే ఉన్నాయి. అంతకు మించి వెతకలేదు. వేగం మార్పుల సంఖ్యలు ఈ నాణ్యతలో ఎలాగూ ఎక్కువ భాగం సున్నాలే.

తర్వాతి మెట్టు చూసినవాళ్ళకు వింతగా ఉంటుంది. బాగుచేయాల్సిన ఫోటోను కావాలనే మళ్ళీ నాణ్యత 25తో కుదించాను.

```
cjpeg -quality 25 -sample 2x2 b.ppm > c.jpg
```

గళ్ళు కచ్చితంగా పాతవాటి మీదే కూర్చున్నాయి కాబట్టి, 163.8 తిరిగి 164కు, 168.1 తిరిగి 168కు సర్దుకుంటాయి. రెండోసారి సేవ్ చేసినప్పుడూ సైజు మార్చినప్పుడూ చేరిన చిన్న చిన్న తప్పులు ఈ సర్దుబాటులో రాలిపోతాయి. దాదాపు ఆ పాత ఫైలే చేతికి వస్తుంది, దాని టేబుల్ కూడా నిజం చెప్తుంది. గళ్ళు ఒక్క పిక్సెల్ పక్కకు జరిగినా ఇదే పని ఫోటోను రెండోసారి పాడు చేస్తుంది. దువ్వెన కనపడకుండా ఈ మెట్టు ఎక్కకూడదు.

ఇప్పుడు c.jpg మీద అదే క్వాంట్ స్మూత్ నడిపాను. గోడ మీది మెట్లు వాలుగా మారాయి. నుదుటి మీది చదరాలు పోయి చర్మం వెలుగు ఒక వైపు నుంచి ఇంకో వైపుకు జారినట్టు కనిపించింది. కనుబొమలు ఉన్నచోటే ఉన్నాయి. నిన్న రోజంతా మొండికేసిన సాధనమే, సెట్టింగు కూడా మార్చలేదు.

రంగు మచ్చలు మాత్రం పూర్తిగా పోలేదు. రంగు పొరలను వేరు చేసి, వెలుగు పొరలోని అంచులను ఆసరాగా తీసుకుని వాటిని నునుపు చేశాను. పెదవి గీత వెలుగు పొరలో స్పష్టంగా ఉంది, ఎరుపు దాన్ని దాటి వెళ్ళకూడదని ఫిల్టర్‌కు చెప్పడమే ఈ పద్ధతి. దీన్ని వెలుగు కంటే గట్టిగా వేయొచ్చు. రంగులో మసకను కన్ను పెద్దగా పట్టుకోదు.

ఎంత బలం వాడాలో ఎలా తేల్చానో చెప్పాలి, ఎందుకంటే పోల్చడానికి అసలు ఫోటో లేదు. నా దగ్గరున్న వేరే మంచి ఫోటో, దగ్గరగా తీసిన మొహం, తీసుకున్నాను. దాన్ని నాణ్యత 25తో కుదించి, ముప్పావుకు తగ్గించి, 85తో సేవ్ చేశాను. ఈ ఫోటో పడిన కష్టాలన్నీ దానికీ పెట్టానన్నమాట. తర్వాత పైన చెప్పిన వరుసలోనే బాగుచేసి అసలుతో పోల్చాను. దీనికి అసలు నా చేతిలోనే ఉంది కాబట్టి ఎక్కడ మైనం మొదలవుతుందో కచ్చితంగా తెలిసింది. ఆ సెట్టింగులే ఈ ఫోటోకు వాడాను.

చివరి ఫోటో మీద ఇందాకటి కొలత మళ్ళీ నడిపాను, ఈసారి T = 8 దగ్గర. బాగుచేయక ముందు c.jpgలో 1.7 ఉన్న నిష్పత్తి 1.04కి దిగింది. ఈ నిష్పత్తిని వెంటాడి ఇంకా ఇంకా దించాలని చూడకూడదు. అంచు స్థానంలోనే విడిగా కొలిస్తే, విలువ 1 కంటే కిందికి పోయినప్పుడు గడి అంచు గడి లోపలి కంటే నునుపుగా ఉందని అర్థం. అది కూడా గళ్ళే, కాకపోతే మసక గళ్ళు.

మొత్తం నునుపైన చర్మం ప్రింటులో ప్లాస్టిక్‌లా వస్తుంది. అందుకని చివర్లో కొంచెం సన్నని గ్రెయిన్ కలిపాను. c.jpg తర్వాతి పని అంతా 16 బిట్లలో చేసి, 8 బిట్లకు దించేటప్పుడు కలిపితే గోడ మీద మిగిలిన కొద్దిపాటి చారలు కూడా అందులో మునిగిపోతాయి. 1200 పిక్సెళ్ళు 8 అంగుళాల మీద పరిస్తే అంగుళానికి 150. చేయి దూరం నుంచి చూసే ప్రింటుకు సరిపోతుంది, అంతకన్నా పెద్దది వేయించొద్దని చెప్పాను.

వీడియో

వీడియో ఫైలు వేరే రకం జబ్బు. అది ఫోన్ నుంచి నేరుగా వచ్చినదే: 176×144, సెకనుకు 15 ఫ్రేములు, 3జీపీ ఫైలులో హెచ్.263 అనే పాత వీడియో కుదింపు పద్ధతి. సైజు మారలేదు, గడి 8 అని కొలత కూడా చెప్పింది. సులువే అనుకుని డీబ్లాకింగ్ ఫిల్టర్ వేశాను. వేరే ఫ్రేముల మీద ఆధారపడకుండా పూర్తిగా దాచే కీఫ్రేము చక్కగా శుభ్రపడింది. తర్వాతి ఫ్రేములు వెళ్ళేకొద్దీ మురికి తేలింది, ఇంకో కీఫ్రేము రాగానే మళ్ళీ శుభ్రం. బొమ్మ ఊపిరి పీలుస్తున్నట్టు కొట్టుకోవడం మొదలైంది.

కారణం ఇది. కీఫ్రేము కాని ఫ్రేములో దాదాపు ప్రతి గడీ ముందు ఫ్రేములోని ఏదో చోటు నుంచి కాపీ అవుతుంది, అర పిక్సెల్ పక్కకైనా సరే. కాపీ అయిన ముక్కలో పాత గడి అంచు కూడా ఉంటుంది. అది కొత్త గడి మధ్యలో వచ్చి కూర్చుంటుంది. కొన్ని ఫ్రేములు గడిచేసరికి గీతలు 8కి కట్టుబడి ఉండవు, ఎక్కడైనా ఉంటాయి. 8కి ఒకసారి చూసే ఫిల్టర్‌కు అవి కనపడవు. హెచ్.264 లాంటి తర్వాతి కోడెక్కులు గళ్ళు తుడవడాన్ని కోడెక్ లోపలే పెట్టాయి, తుడిచిన ఫ్రేము నుంచే తర్వాతిది కాపీ అవుతుంది. ఈ ఫోనులో వాడిన ప్రాథమిక హెచ్.263కు ఆ వసతి లేదు.

కాబట్టి గడి ఎక్కడుందో తెలియకపోయినా పనిచేసే పద్ధతి కావాలి. ffmpegలోని `spp` ఫిల్టర్ అలాంటిదే. ఫ్రేమును ఒక పిక్సెల్ చొప్పున జరుపుతూ 64 స్థానాల్లో మళ్ళీ మళ్ళీ కుదించి విప్పి, అన్నింటి సగటు తీస్తుంది. గీత ఏ స్థానంలో ఉన్నా, చాలా స్థానాల్లో అది ఏదో ఒక గడి లోపలే పడుతుంది, చిన్న తేడా కాబట్టి అక్కడ చెరిగిపోతుంది. నిజమైన అంచు పెద్దది, అన్ని స్థానాల్లోనూ బతుకుతుంది.

```
ffmpeg -i in.3gp -vf "spp=6:10,hqdn3d=1:1:4:4" -c:v ffv1 out.mkv
```

6 అంటే 64 స్థానాలూ, 10 అంటే ఎంత గట్టిగా కుదించాలో. 10 బదులు 14 వేస్తే మాట్లాడుతున్నప్పుడు పెదవులు కరిగిపోయాయి, 6 వేస్తే గళ్ళు మిగిలాయి. వెనక ఉన్న `hqdn3d` ఫ్రేముకు ఫ్రేముకు మధ్య మిగిలిన కొట్టుకోవడాన్ని తగ్గిస్తుంది. దాన్ని పెంచితే చేయి ఊపినప్పుడు వెనక నీడ లాగుతుంది, అందుకే తక్కువలోనే ఆపాను. సైజు పెంచడం దీని తర్వాతే, వేరే మెట్టులో. ముందే పెంచితే గడి 8 కాకుండా పోయి, ఫోటో దగ్గర పడ్డ గోతిలోనే మళ్ళీ పడతాం.

పాఠాలు

ఇప్పుడు ఏ ఫైలు వచ్చినా ఫిల్టర్ తెరవక ముందు రెండు పనులు చేస్తాను. టేబుల్ చదువుతాను, గడి కొలుస్తాను. టేబుల్ చెప్పేదీ కన్ను చూసేదీ పొంతన కుదరకపోతే ఆ ఫైలుకు ఇంకో గతం ఉన్నట్టే. ఫిల్టర్ సగం పనిచేస్తే బలం పెంచే అలవాటు మానుకున్నాను. సగం పనిచేయడం చాలాసార్లు గడి తప్పిందనడానికి గుర్తు.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. 6 లాంటి పూర్ణాంకం దొరకడం నా అదృష్టం. సైజు మార్పు 5.7 లాంటి గడిని ఇస్తే పైన రాసిన కోడు పట్టుకోలేదు, భిన్నాల్లో వెతకాలి. సైజును సగానికి తగ్గిస్తే గడి 4 అవుతుంది, అప్పుడు దువ్వెన కనిపించినా గడి లోపలి వివరం చాలావరకు పోయి ఉంటుంది. రెండు సార్లు సైజు మారిన ఫైళ్ళలో నాకు దువ్వెన ఇప్పటిదాకా దొరకలేదు. అలాంటప్పుడు ఫోటోకు కూడా `spp` లాంటి గడి అడగని పద్ధతితోనే సరిపెట్టుకుంటాను.

ప్రింటు ఇచ్చే రోజు ఆ అబ్బాయికి రెండు చోట్లు చూపించి చెప్పాను. మెడలో గొలుసు ఒక మసక గీతగానే ఉంది, దాని డిజైను ఫైలులో లేదు. చెవి పక్కన జుట్టు పోగులు విడివిడిగా రావు. గొలుసును చేత్తో గీసి ఇవ్వగలరా అని అడిగారు. గీస్తే అది నేను గీసిన గొలుసు అవుతుంది, ఆమె వేసుకున్నది కాదన్నాను. కాసేపు చూసి, అలాగే ఉండనివ్వమన్నారు.